‘అన్నీ సేవ్ చేసుకోండి’ అంటే ఏవి సేవ్ చేయాలి? ఆఫీసు అప్‌డేట్ నోటీసు మీద ఒక విశ్లేషణ

ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే అప్‌డేట్ నోటీసు చాలాచోట్ల ఇలాగే ఉంటుంది: “శనివారం రాత్రి 12 గంటలకు సిస్టమ్ అప్‌డేట్ ఉన్నది. అందరూ తమ డేటా సేవ్ చేసుకోగలరు.” దాని కింద వరసగా బొటనవేళ్లు పడతాయి. సోమవారం పొద్దున ఇద్దరు ముగ్గురి పని కనిపించదు. “సేవ్ చేసుకొమ్మని ముందే చెప్పినం గదా” అని మేనేజర్ అంటాడు, “చేసినం సార్” అని స్టాఫ్ అంటారు. ఇద్దరి మాటా నిజమే. తప్పు ఆ నోటీసులో ఉంది.

అందులో ప్రతి మాటకూ రెండేసి అర్థాలున్నాయి. “శనివారం రాత్రి 12” అంటే శుక్రవారం పడుకున్నాక వచ్చేదా, శనివారం పడుకున్నాక వచ్చేదా? సగంమంది ఒకటి అనుకుంటారు, సగంమంది మరొకటి. “సిస్టమ్” అంటే మన ఆఫీసుల్లో టేబుల్ మీది కంప్యూటరే. సర్వర్ కూడా ఆగుతుందన్న సంగతి ఆ మాటలో ఎవరికీ వినిపించదు. “డేటా” అంటే టైపిస్టుకు ఉత్తరాలు, అకౌంటెంటుకు ట్యాలీ, ఫీల్డు మనిషికి ఫోనులోని ఫొటోలు. ఇక “సేవ్” అన్నది అన్నిటికన్నా జారుడు మాట. ఎక్సెల్‌లో కంట్రోల్-ఎస్ కొట్టినా సేవే, డెస్క్‌టాప్ మీద పడేసినా సేవే, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించినా సేవే. అప్‌డేట్ దగ్గరికొచ్చేసరికి ఈ మూడూ మూడు వేరువేరు పనులు. ఏది ఎవరు చేయాలో పేరుపెట్టి చెప్పని నోటీసు ఏమీ చెప్పనట్టే.

హన్మకొండలో ఓ మోస్తరు అకౌంట్స్ ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం. తొమ్మిది మంది స్టాఫ్, పన్నెండు కంప్యూటర్లు. మూలన ఉన్న మామూలు కంప్యూటరే ‘సర్వర్’. ట్యాలీ డేటా, అందరూ వాడే షేర్డ్ ఫోల్డర్ అందులోనే ఉంటాయి. క్లయింట్లలో జిన్నింగ్ మిల్లులున్నాయి, మిర్చి వ్యాపారులున్నారు, మెడికల్ షాపులున్నాయి. పన్నెండింటిలో ఐదు ఇప్పటికే విండోస్ 11 మీద ఉన్నాయి, సర్వర్ అందులో ఒకటి. వాటికి నెలవారీ అప్‌డేట్ చాలు. మిగతా ఏడు విండోస్ 10 మీద ఉన్నాయి. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ముగిసింది కాబట్టి వాటిని 11కు మార్చాలి. నెల 2026 జూన్ అనుకుందాం.

మొదటి చిక్కు తేదీతోనే వస్తుంది. రెండో శనివారం జూన్ 13న పడుతుంది. ఆ రోజు బ్యాంకులకు సెలవు, నెలవారీ ప్యాచ్ కూడా అమెరికా లెక్కన రెండో మంగళవారం, అంటే 9వ తేదీ రాత్రి మనకు పదిన్నర ప్రాంతంలో విడుదలై ఉంటుంది. చూడ్డానికి అన్నీ కలిసొచ్చినట్టే ఉంటాయి. కానీ మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్ను వేసే చిన్న వ్యాపారులు మే నెల బిల్లులను ఐఎఫ్ఎఫ్ అనే సౌకర్యంలో ఎక్కించడానికి సరిగ్గా 13వ తేదీయే ఆఖరు. ఆ వెంటనే సోమవారం 15న అడ్వాన్స్ ట్యాక్స్ మొదటి వాయిదా, పీఎఫ్, ఈఎస్‌ఐ. శనివారం ఒక్క కంప్యూటర్ మొరాయించినా దాని దెబ్బ సోమవారం గడువు మీద పడుతుంది. 20వ తేదీ కూడా శనివారమే. ఆ రోజు జీఎస్టీ నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరు, స్టాఫ్ ఎంత రాత్రి దాకా కూర్చుంటారో చెప్పలేం. ఆ తర్వాతి గడువు 25న, మూడు నెలల వాళ్లు చలానా కట్టే రోజు. అంటే 25వ తేదీలోపు చేతికి చిక్కే రోజు 21 ఆదివారం ఒక్కటే. ఏదైనా చెడితే బాగు చేసుకోవడానికి సోమ, మంగళ, బుధవారాలు ఉంటాయి.

ఆదివారం కూడా రాత్రి కాకుండా పగలు పెట్టుకోవాలి. జూన్‌లో గాలిదుమారం లేచినా, మొదటి వానలు పడినా కరెంటు పోవడం వరంగల్‌లో కొత్త కాదు. ఒక్కో డెస్క్‌టాప్ కింద ఉండే 600 వీఏ యూపీఎస్ బ్యాటరీ బాగుంటే పది పదిహేను నిమిషాలు నిలబడుతుంది. నెలవారీ ప్యాచ్ రీస్టార్టు ఆ గడియలో అయిపోవచ్చు. విండోస్ 10 నుంచి 11కు మారే మెషీన్ మాత్రం తెర మీద శాతం లెక్కపెట్టుకుంటూ అంతకన్నా చాలాసేపు ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ ఉన్న దానికి గంట, గంటన్నర పట్టొచ్చు, పాత హార్డ్‌డిస్క్ ఉన్న దానికి పూటంతా పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోతే ఎక్కువసార్లు విండోస్ తనంతట తానే వెనక్కి వెళ్తుంది. తెర మీద “Undoing changes made to your computer” అని కనిపిస్తుంది. అదీ ఓపికగా చూడాల్సిన తతంగమే. అప్పుడు కంగారుపడి పవర్ బటన్ నొక్కితేనే అసలు నష్టం. పగలైతే పక్కన మనిషి ఉంటాడు, మబ్బు పడుతున్నట్టు కనిపిస్తే మిగిలిన మెషీన్లను మొదలుపెట్టకుండా ఆపుతాడు.

తేదీ ఖాయమయ్యాక ఎవరు ఏం చేయాలన్నది తేల్చాలి. చాలా నోటీసులు అన్నీ ఆఖరి సాయంత్రానికే చేయమంటాయి. 20వ తేదీ రాత్రి పోర్టల్ నెమ్మదించి, క్లయింట్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుండగా “సీ డ్రైవ్‌లో ఖాళీ చేయండి, రికవరీ కీ రాసిపెట్టండి” అంటే ఎవరూ చేయలేరు. తీరిగ్గా చేయాల్సిన పనులు గురువారం 18కే అయిపోవాలి. శనివారం రాత్రికి మూసేయడం ఒక్కటే మిగలాలి. నోటీసుకు ఒకటి కాదు, రెండు గడువులు కావాలి.

ఇంకో సంగతి కూడా నోటీసులో నిజాయితీగా రాయాలి. ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచుకునే పద్ధతిలో 11కు మారితే డిస్క్ మీద సేవ్ అయి ఉన్న ఫైళ్లు మామూలుగా పోవు. “మొత్తం డేటా డిలీట్ అవుతుంది, కాపీ చేసుకోండి” అని భయపెట్టే నోటీసు వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. తొమ్మిది మంది తొమ్మిది పెన్‌డ్రైవుల్లోకి క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎక్కించుకుని ఇంటికి పోతారు. అందులో రెండు పెన్‌డ్రైవులు జిరాక్స్ షాపులో తిరిగి వైరస్ తెస్తాయి. స్టాఫ్ చేయాల్సింది కాపీలు కాదు. ఇంకా డిస్క్ మీదికి చేరని పనిని చేర్చడం, షేర్డ్ ఫోల్డర్ బయట ఉండిపోయిన ఫైలును లోపలికి తేవడం. బ్యాకప్ ఒక్కరి బాధ్యత, ఒక్క చోట.

డిస్క్ మీదికి చేరని పని అంటే ఏమిటో ఎక్సెల్ దగ్గర బాగా తెలుస్తుంది. చాలామందికి ఎక్సెల్ దానంతటదే సేవ్ చేసుకుంటుందన్న నమ్మకం ఉంది. పైన ఎడమ మూలన కనిపించే AutoSave స్విచ్ వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్‌లలో ఉన్న ఫైళ్లకే పనిచేస్తుంది. ఆఫీసు షేర్డ్ ఫోల్డర్‌లోని ఫైలుకు, డెస్క్‌టాప్ మీది ఫైలుకు అది ఆఫ్‌లోనే ఉంటుంది. లోపల పనిచేసేది ఆటోరికవర్. మామూలు సెట్టింగులో అది పది నిమిషాలకోసారి ఒక నకలు పక్కన పెడుతుంది. అది ప్రమాదం జరిగితే పట్టుకునే వల లాంటిది, సేవ్ కాదు. చివరి తొమ్మిది నిమిషాల్లో కొట్టిన అరవై బిల్లులు దానికి చిక్కకపోవచ్చు. Book1 అనే పేరుతోనే పొద్దుటి నుంచీ నడుస్తున్న షీట్ పరిస్థితి మరీ అన్యాయం, దానికి ఇంకా ఇల్లే లేదు. అందుకే నోటీసులో “ఎక్సెల్ సేవ్ చేయండి” అని కాకుండా “పైన Book1 అని కనిపించే షీట్ ఏదీ మిగలకూడదు, పేరు పెట్టి, షేర్డ్ ఫోల్డర్‌లో క్లయింట్ పేరున్న చోట పెట్టి, ఎక్సెల్ మూసేయండి” అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

మూసేయమని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. ఒక అకౌంటెంట్ తన కంప్యూటర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లోని మిర్చి కొనుగోళ్ల షీట్ తెరిచి, కంట్రోల్-ఎస్ కొట్టి, అలాగే వదిలి, తెర లాక్ చేసి ఇంటికి వెళ్లిందనుకుందాం. ఆమె కంప్యూటర్‌కు విండోస్ 11 ఉంది, దాని ప్యాచ్ ఇంతకుముందే అయిపోయింది, కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్ మాత్రం ఆదివారం రీస్టార్ట్ అయింది. సోమవారం పొద్దున ఆమె తెర తెరిస్తే షీట్ అలాగే ఉంది. ఇంకో పది బిల్లులు కొట్టి సేవ్ చేయబోతే, తెరిచినప్పటి కనెక్షన్ తెగిపోయింది కాబట్టి ఎక్సెల్ మొరాయిస్తుంది. చేతికి అందింది డెస్క్‌టాప్, అక్కడ సేవ్ చేస్తుంది. ఈలోగా పక్క సీటు ఆయన సర్వర్‌లోని పాత షీట్ తెరిచి తన బిల్లులు ఎక్కిస్తాడు. మధ్యాహ్నానికి ఒకే పేరుతో రెండు షీట్లు, రెండింటిలోనూ కొత్త బిల్లులు, ఏ ఒక్కటీ పూర్తి కాదు. ఏ ఫైలూ పోలేదు, అయినా సాయంత్రం దాకా ఇద్దరూ కూర్చుని లైను లైను పోల్చుకోవాలి. అప్‌డేట్ల తర్వాత “డేటా పోయింది” అనే ఫిర్యాదుల్లో చాలా వాటి మూలం ఇలాంటిదే, పోవడం కాదు, చీలిపోవడం.

ఇది ముందే పట్టుకోవచ్చు. ఎక్సెల్ ఫైలు ఎవరైనా తెరిచి ఉంచితే అదే ఫోల్డర్‌లో `~$` తో మొదలయ్యే ఓ చిన్న దాపుడు ఫైలు పుడుతుంది, మూసేస్తే మాయమవుతుంది. సర్వర్ చూసే మనిషి ఆదివారం పొద్దున పని మొదలుపెట్టే ముందు, సర్వర్‌లో పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ ఒక్క లైను కొడితే ఏ ఫైలు ఎవరి పేరు మీద తెరిచి ఉందో జాబితా వస్తుంది:

```
Get-SmbOpenFile | Select-Object ClientUserName, Path
```

జాబితా ఖాళీగా ఉంటేనే సర్వర్‌ను ముట్టుకోవాలి. పేరు కనిపిస్తే ఆ మనిషికి ఫోన్ చేయాలి. అవతల సేవ్ కాని పని ఉందేమో కనుక్కోకుండా ఇక్కడి నుంచి ఫైలు మూసేయడం తగదు.

ట్యాలీ తీరు వేరు. దానికి సేవ్ బటన్ లేదు. వోచర్‌ను అంగీకరించిన క్షణమే, అంటే కంట్రోల్-ఏ కొట్టగానే, డేటాలోకి వెళ్లిపోతుంది. అందుకని ట్యాలీ వాళ్లకు “సేవ్ చేసుకోండి” అన్న మాట అర్థం లేనిది. వాళ్లకు చెప్పాల్సింది రెండు ముక్కలు: సగం కొట్టిన వోచర్ వదలొద్దు, కంపెనీ మూసి ట్యాలీ నుంచి బయటికి రావాలి. ఎవరి కంప్యూటర్‌లోనో కంపెనీ తెరిచి ఉండి, సరిగ్గా డేటా రాస్తున్న క్షణంలో సర్వర్ ఆగితే ఆ కంపెనీ డేటా దెబ్బతినవచ్చు. మళ్లీ తెరిచినప్పుడు ఎర్రర్ వస్తుంది, రిపేర్ చేయాల్సి వస్తుంది. రిపేర్ చాలాసార్లు పనిచేస్తుంది, కానీ చివర్లో కొట్టిన వోచర్లు ఉన్నాయో లేదో కాగితం పట్టుకుని సరిచూడక తప్పదు.

ట్యాలీ బ్యాకప్ అందరూ బయటికి వచ్చాకే తీయాలి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్-వై నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో Backup ఉంటుంది. అక్కడ చూసుకోవాల్సింది బ్యాకప్ ఎక్కడ పడుతోందన్నది. చాలాచోట్ల అది అదే సర్వర్‌లో, అదే డిస్క్‌లో, ట్యాలీ ఫోల్డర్ పక్కనే పడుతూ ఉంటుంది. డిస్కే చెడిపోతే అసలూ నకలూ కలిసే పోతాయి. బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసి, దాని వైరు పీకి, బీరువాలో పెట్టాలి. బ్యాకప్ పనికొస్తుందో లేదో ఒక్కసారైనా వెనక్కి తెచ్చి చూడాలి. ఆ రిస్టోర్ మాత్రం వేరే ఖాళీ ఫోల్డర్‌లోకే చేయాలి. అసలు డేటా ఉన్న దారినే ఇచ్చేస్తే దాని మీద పాతది పరుచుకుంటుంది. రిస్టోర్ అయ్యాక పెద్ద క్లయింటు ఒకరి కంపెనీ తెరిచి, డే బుక్‌లో చివరి వోచర్ 20వ తేదీదేనా, నంబరు అసలుతో కలుస్తోందా చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

పోర్టల్ పనుల గురించి ఒక్క మాట. జీఎస్టీ పోర్టల్‌లో పదిహేను నిమిషాలు ఏమీ కదపకపోతే లాగిన్ తెగిపోతుంది, కాబట్టి ట్యాబ్ తెరిచి ఉంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. 3బీలో ఒక్కో గడి నింపి Confirm నొక్కితే అంకెలు పోర్టల్‌లో నిలిచిపోయాయనుకుంటారు. వెనక్కి వచ్చి SAVE GSTR3B నొక్కితేనే నిలుస్తాయి. ఆఫ్‌లైన్ టూల్‌లో ఎక్కించిన బిల్లులైతే జేసన్ ఫైలుగా తయారుచేసి షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టాలి. డిజిటల్ సంతకం టోకెన్ గురించి భయం అక్కర్లేదు, కీ ఆ టోకెన్‌లోనే ఉంటుంది. అప్‌డేట్ తర్వాత దాని డ్రైవరో, సంతకం పెట్టించే ఎమ్‌సైనర్ ప్రోగ్రామో మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. సోమవారం మొదటి పరీక్షల్లో అది ఉండాలి.

తెలుగులో ఉత్తరాలు కొట్టే సీటు ఒకటి ప్రతి ఆఫీసులో ఉంటుంది, నోటీసులు దాన్నే మరిచిపోతాయి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనో వర్డ్‌లోనో చేసిన పాత ఉత్తరాలు, కిరాయి అగ్రిమెంట్లు యూనికోడ్ కాదు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవే ఫైళ్లు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనిపిస్తుంది. ఫైలు చెడలేదు, చూపించే ఫాంట్ లేదంతే. అయితే విండోస్ మారాక అను స్క్రిప్ట్ మేనేజర్ నడవకపోయినా, వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుట్ పలకకపోయినా టైపిస్టు చేతులు కట్టేసినట్టే. ఆ వారంలో ఇవ్వాల్సిన ఉత్తరాలను గురువారానికే పీడీఎఫ్ చేసి పెట్టుకోవాలి. ఇంకా మంచిది, ఆ ఒక్క కంప్యూటర్‌ను వరసలో ఆఖరున పెట్టడం. సాఫ్ట్‌వేర్ సీడీ, కీ ఎక్కడున్నాయో దొరికేదాకా దాన్ని ముట్టుకోకూడదు. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్న కంప్యూటర్‌కూ ఇదే నియమం. దాని డ్రైవర్ ముందే దింపి ఉంచుకోవాలి, క్యూలో ఆగిపోయిన ప్రింట్లు ఉంటే తీసేయాలి.

గురువారానికే కావాల్సిన మరో వస్తువు కాగితం మీద ఉండాలి. ల్యాప్‌టాపుల్లో డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం పడి ఉండొచ్చు, వాడే మనిషికి ఆ సంగతే తెలియకపోవచ్చు. అప్‌డేట్‌తో పాటు బయోస్ మారినప్పుడు ఒక్కోసారి నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ అదే ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద టెక్స్ట్ ఫైలుగా ఉంటే, తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొడితే కీ తెర మీద కనిపిస్తుంది:

```
manage-bde -protectors -get C:
```

Numerical Password కింద ఉన్న ఐడీని, 48 అంకెలను రాసుకుని, ఏ ల్యాప్‌టాప్‌దో పేరు వేసి మేనేజర్ బీరువాలో పెట్టాలి. ఐడీ ఎందుకంటే, కీ అడిగే తెర మీద అదే ఐడీ కనిపిస్తుంది. నాలుగు ల్యాప్‌టాపుల చీటీలున్నప్పుడు ఏది దేనిదో దానితోనే కలుపుకోవాలి.

11కు మారే ఏడింటిలో సీ డ్రైవ్ ఖాళీ కూడా ముందే చూడాలి. కనీసం 25 జీబీ ఖాళీ ఉంటే సాఫీగా సాగుతుంది. వాట్సాప్ నుంచి దిగి డౌన్‌లోడ్స్‌లో పేరుకున్న వీడియోలు తీసేస్తేనే చాలాసార్లు అంత జాగా వస్తుంది. అయితే క్లయింట్ పంపిన బిల్లుల ఫొటోలు కూడా ఆ కుప్పలోనే ఉంటాయి. కాబట్టి డౌన్‌లోడ్స్ ఖాళీ చేయాల్సింది ఆ సీటు మనిషే, సర్వీసుకు వచ్చిన కుర్రాడు కాదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత మెషీన్ ఏదైనా ఉంటే అది విండోస్ 11కు అర్హం కాదు. దాన్ని ఈ ఆదివారం జాబితాలోంచే తీసేయాలి.

ఇక ఆఖరి రాత్రి. “కంప్యూటర్ ఆఫ్ చేసి వెళ్లండి” అంటే కొందరు మానిటర్ బటన్ నొక్కి వెళ్తారు. కొందరు విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేస్తారు. లాక్ అంటే తలుపు దగ్గరికి వేయడమే, లోపల ప్రోగ్రాములన్నీ నడుస్తూనే ఉంటాయి, సర్వర్‌లో ఫైళ్లు తెరిచే ఉంటాయి. ఇక్కడ కావాల్సింది అన్నీ మూసి, Restart నొక్కి, మళ్లీ లాగిన్ తెర వచ్చేదాకా చూసి, అక్కడ వదిలేయడం. Shut down ఎందుకు కాదంటే, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు మామూలు షట్‌డౌన్ సిస్టమ్ లోపలి భాగాన్ని పూర్తిగా మూయదు, దాచిపెట్టి మర్నాడు అక్కడి నుంచే లేపుతుంది. రీస్టార్ట్ అయితేనే పూర్తిగా కొత్తగా మొదలవుతుంది. పాత అప్‌డేట్ ఏదైనా సగంలో ఉన్నా అది కూడా పూర్తవుతుంది.

అంతా సరిగ్గా చేసి కంప్యూటర్లను ఆన్‌లో వదిలి వెళ్లాక, రాత్రి ఆఫీసు మూసే మనిషి అలవాటుగా మెయిన్ స్విచ్ దించేస్తే పొద్దున వచ్చేసరికి అన్నీ చచ్చి ఉంటాయి. ఆదివారం పగలు ఊడవడానికి వచ్చిన ఆయమ్మ వాక్యూమ్ కోసం ప్లగ్గు పీకినా అంతే, అప్పుడైతే అప్‌డేట్ మధ్యలో ఉంటుంది. వీళ్లిద్దరూ వాట్సాప్ గ్రూపులో ఉండరు. వాళ్లకు నోటితో చెప్పాలి, మెయిన్ బోర్డు మీద చేతిరాతతో కాగితం అంటించాలి: “21 ఆదివారం సాయంత్రం 6 దాకా ఈ స్విచ్ ముట్టొద్దు.”

ఇవన్నీ కలిపితే, ఈ ఆఫీసుకు సరిపోయే నోటీసు ఇలా ఉంటుంది:

“స్టాఫ్ అందరికీ. 2026 జూన్ 21, ఆదివారం పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు ఆఫీసులోని కంప్యూటర్లు, సర్వర్ పనిచేయవు. ఆ సమయంలో ట్యాలీ, షేర్డ్ ఫోల్డర్ ఇంటి నుంచి కూడా తెరుచుకోవు. జీఎస్టీ పోర్టల్‌కు దీనితో సంబంధం లేదు. మీరు సేవ్ చేసిన ఫైళ్లు మామూలుగా ఎక్కడికీ పోవు, పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేయకండి.

జూన్ 18, గురువారం సాయంత్రం 5 లోపు: డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్‌లో ఉన్న క్లయింట్ల ఫైళ్లను షేర్డ్ ఫోల్డర్‌లో వారి పేరున్న చోటికి మార్చండి. అక్కర్లేని వీడియోలు తీసేయండి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు రికవరీ కీ రాయించుకోవడానికి నా టేబుల్ దగ్గరికి తీసుకురండి. తెలుగు ఉత్తరాలు వచ్చే వారానికి కావాల్సినవి పీడీఎఫ్ చేయండి.

జూన్ 20, శనివారం ఇంటికి వెళ్లే ముందు: సగం వోచర్ వదలకుండా ట్యాలీ మూసేయండి. ఎక్సెల్‌లో Book1 అనేది మిగలకూడదు. అన్నీ మూసి Restart నొక్కండి. లాగిన్ తెర వచ్చాక అలాగే వదలండి, స్విచ్ ఆపకండి. అయిపోయినవాళ్లు గ్రూపులో ‘మూసిన’ అని మీ సీటు నంబరుతో పెట్టండి. సాయంత్రం పని ఇంకా ఉన్నవాళ్లు నాకు చెప్పండి, మీ కంప్యూటర్‌ను చివర్లో పెడతాం.

జూన్ 22, సోమవారం పొద్దున: సర్వర్ సిద్ధమైందని నేను గ్రూపులో పెట్టాకే ట్యాలీ తెరవండి.”

ఇందులో రెండు చిన్న ఏర్పాట్లు చాలా పని చేస్తాయి. బొటనవేలు గుర్తు ‘చూశాను’ అని మాత్రమే చెబుతుంది, సీటు నంబరుతో ‘మూసిన’ అనే మాట ‘చేశాను’ అని చెబుతుంది. తొమ్మిది మందిలో ఎనిమిది మందివే వస్తే ఎవరికి ఫోన్ చేయాలో మేనేజర్‌కు తెలుస్తుంది. రెండోది, “పని ఇంకా ఉన్నవాళ్లు చెప్పండి” అన్న వాక్యం. అది లేకపోతే 3బీ మధ్యలో ఉన్న మనిషి ఎవరికీ చెప్పకుండా తెర లాక్ చేసి వెళ్లిపోతుంది, అక్కడే పైన చెప్పిన రెండు షీట్ల కథ మొదలవుతుంది. నోటీసును ఫొటోగా కాకుండా అక్షరాలుగానే పంపాలి, తర్వాత వెతికితే దొరుకుతుంది. “ఎల్లుండి”, “ఈ శనివారం” లాంటివి రాయకూడదు, ఫార్వర్డ్ అయిన మెసేజీలో ఆ మాటలకు అర్థం మారిపోతుంది.

సోమవారం పొద్దున మొదటి గంటలో ప్రతి సీటు దగ్గరా ఐదు పనులు చేసి చూడాలి: ట్యాలీలో కంపెనీ తెరవడం, షేర్డ్ ఫోల్డర్‌లో ఒక షీట్ తెరిచి సేవ్ చేయడం, ఒక పేజీ ప్రింట్, డిజిటల్ సంతకంతో ఒక లాగిన్, తెలుగులో ఒక లైను. ఇలా వెంటనే చూడటానికి గట్టి కారణం ఒకటుంది. 10 నుంచి 11కు మారిన కంప్యూటర్‌ను సెట్టింగ్స్‌లో ఉన్న Go back తో మళ్లీ పాతదానికి తేవచ్చు, అయితే మామూలుగా పది రోజులే ఆ అవకాశం ఉంటుంది. ఆ తర్వాత పాత విండోస్ ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పలకడం లేదని జూలై 10న జీఎస్టీఆర్-1 హడావిడిలో గుర్తొస్తే ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. అందుకే నోటీసు కింద మరో లైను చేర్చుకోవచ్చు: “ఏ ఇబ్బంది ఉన్నా జూన్ 26, శుక్రవారం లోపు రిజిస్టర్‌లో రాయండి.” శుక్రవారం రాస్తే శని, ఆదివారాల్లో ఆ ఒక్క కంప్యూటర్‌ను వెనక్కి తిప్పడానికి సమయం ఉంటుంది. వెనక్కి తిప్పే ముందు ఆ వారంలో దానిలో చేరిన కొత్త ఫైళ్లను మళ్లీ షేర్డ్ ఫోల్డర్‌లోకి తీసిపెట్టాలి, అప్‌గ్రేడ్ తర్వాత ఎక్కించిన ప్రోగ్రాములు ఉంటే రాసిపెట్టుకోవాలి, అవి మళ్లీ ఎక్కించుకోవాల్సి వస్తుంది.